బాత్రూం టైల్స్... ఏడడుగులా, సీలింగ్ దాకానా?

బాత్రూం పని ఒప్పుకున్న ప్రతి ఇంట్లోనూ నన్ను ముందు అడిగేది ఇదే. నా లెక్క సింపుల్: నీళ్లు తగిలే చోట టైల్, ఆవిరి మాత్రమే తగిలే చోట పెయింట్.

షవర్ మామూలుగా ఆరున్నర నుంచి ఏడడుగుల ఎత్తులో ఉంటుంది. నీళ్లు అక్కణ్నుంచి కిందికే చిమ్ముతాయి. తలుపు ఫ్రేమ్ కూడా దాదాపు ఏడడుగులే కాబట్టి టైల్స్ అక్కడ ఆపితే గీత సమంగా కలుస్తుంది.

ఈమధ్య కూకట్‌పల్లిలో ఒక పాత ఫ్లాట్‌కి వెళ్లాను. బాత్రూం 5×8 అడుగులు, ఎత్తు పది. ఏడడుగుల పైన డిస్టెంపర్ పొరలుగా ఊడిపోయి, నల్లమచ్చలు వచ్చాయి. "సీలింగ్ దాకా టైల్స్ వేసేద్దాం అన్నా" అన్నాడు ఆ ఇంటి కుర్రాడు. నాలుగు గోడలూ కలిపి 26 అడుగులు. ఏడడుగుల వరకు, తలుపు పోగా, సుమారు 165 చదరపు అడుగులు. పై మూడడుగులకి ఇంకో 78. అంటే ఖర్చు దాదాపు సగం పెరుగుతుంది!

ఖర్చు సంగతి తర్వాత, ముందు ఆ తడి ఎక్కణ్నుంచి వస్తోందో తెలియాలి. ఊడిన రంగు గీకేసి, ఆ చోట అడుగు వెడల్పున్న ప్లాస్టిక్ కవర్ పెట్టి నాలుగువైపులా టేప్ వేశాను. మర్నాడు చూస్తే చెమ్మ కవర్ పైనే ఉంది, గోడవైపు పొడిగా ఉంది. అంటే అది స్నానం ఆవిరే. చెమ్మ గోడవైపు ఉంటే మాత్రం పై ఫ్లాట్ లీకేజీనో, పైపు లీకేజీనో అనుమానించాలి. దాన్ని సరిచేయకుండా టైల్ వేసినా, సీలింగ్ కట్టినా జబ్బుని దాచడమే.

ఇక్కడ పాత రంగంతా గీకించి, వైట్ సిమెంట్ పుట్టీ పెట్టించాను. ఆరాక ప్రైమర్, ఆపైన ఫంగస్‌ని తట్టుకునే అక్రిలిక్ ఎమల్షన్ రెండు కోట్లు. డిస్టెంపర్ తడికి నిలవదు. ఆయిల్ పెయింట్ గోడలోని చెమ్మని బయటికి పోనివ్వదు, బొబ్బలెక్కుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పెట్టించాను. స్నానం అయ్యాక పావుగంటైనా తిరగాలి. అది లేకపోతే ఏ పెయింటైనా మళ్లీ నల్లబడుతుంది.

పై ఫ్లాట్ పైపులు స్లాబ్ కింద వేలాడుతున్నాయా? అప్పుడే ఫాల్స్ సీలింగ్ పెట్టించండి. పీఓపీ, మామూలు జిప్సం బోర్డు వద్దు, తడికి మెత్తబడి కిందికి జారతాయి. పీవీసీ ప్యానెల్స్ నీళ్లకి పాడవవు. ఎనిమిదడుగుల ఎత్తులో కడితే టైల్స్ ఇంకో వరస పెంచి ప్యానెల్ అంచు దాటించండి, మధ్యలో ఖాళీ గోడ మిగలదు. పైపు జాయింట్ల కింద ఒక చిన్న తలుపు కచ్చితంగా పెట్టించండి. రేపు లీకైతే ప్లంబర్ మొత్తం సీలింగ్ పగలగొట్టక్కర్లేదు!