షాప్ సేల్స్ మెసేజ్ రోజూ దానంతటదే వస్తుంది సరే... అందులో ఏముంది, ఏం లేదు?

తెనాలిలో మా మావయ్యది మొబైల్ యాక్సెసరీస్ షాప్. టెంపర్డ్ గ్లాసులు, కవర్లు, ఛార్జర్లు, రీఛార్జులు, లోపల చిన్న టేబుల్ మీద డిస్‌ప్లే మార్చే పని. మధ్యాహ్నం నుంచి కౌంటర్ చూసుకునేది ఒక కుర్రాడు. మావయ్యకి రోజూ రాత్రి టెలిగ్రామ్‌లో సేల్స్ మెసేజ్ వచ్చేలా ఈమధ్యే సెట్ చేశాను. సెటప్‌కి ఒక ఆదివారం సాయంత్రం సరిపోయింది. దానికంటే ఎక్కువ ఆలోచించింది మావయ్యకి రాసిచ్చిన ఒక్క పేజీ నోట్ గురించి. ఎందుకంటే ఆ మెసేజ్‌లో నగదు ఒకటి ఉండి, గల్లాలో ఇంకొకటి ఉంటే ముందు అడిగేది కౌంటర్ కుర్రాడినే. వాడి తప్పు లేకుండానే వాడి మీద అనుమానం పడొచ్చు.

సెటప్ గురించి క్లుప్తంగా చెప్పేస్తా. షాపులో నంబర్లు ముందే ప్రింట్ అయిన బిల్లు బుక్ ఉంది. కుర్రాడు బిల్లు రాశాక ఆ నంబరు, మొత్తం, డబ్బు ఎలా వచ్చింది అన్నవి కౌంటర్ ఫోన్‌లో యాప్‌షీట్‌తో చేసిన చిన్న యాప్‌లో కొడతాడు. అవి గూగుల్ షీట్‌లోకి వెళ్తాయి. రాత్రి గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ ఆ షీట్ చదివి టెలిగ్రామ్ బాట్ ద్వారా మెసేజ్ పంపుతుంది. వాట్సాప్ ఎందుకు కాదంటే, అందులో ఇలా ఆటోమేటిక్‌గా పంపాలంటే బిజినెస్ ప్లాట్‌ఫామ్, ముందే అప్రూవ్ చేయించుకున్న టెంప్లేట్ కావాలి. ఒక్క మనిషికి రోజుకో మెసేజ్ కోసం అంత హడావిడి అనవసరం. టెలిగ్రామ్ బాట్ అయితే మావయ్య ఒక్కసారి Start నొక్కితే చాలు.

వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది:

```
రాత్రి 10:17 వరకు
బిల్లులు: 41 (1182 - 1222)
మొత్తం: ₹14,860
 నగదు: ₹5,720
 యూపీఐ: ₹7,940
 అప్పు: ₹1,200
వాపసు (నగదు): ₹350
కనపడని నంబర్లు: లేవు
ఆలస్యంగా వచ్చినవి: 0
```

దీని పక్కన పెట్టుకోమని మావయ్యకి ఇచ్చిన నోట్ ఇది. ప్రింట్ తీసి గల్లా మూత లోపల అంటించాం.

"మావయ్యా, ఈ మెసేజ్ బిల్లు రాసి ఫోన్‌లో కొట్టిన అమ్మకాలను మాత్రమే చెబుతుంది. గల్లాలో ఎంత ఉందో చెప్పదు. లాభం ఎంతో కూడా చెప్పదు.

'నగదు' అంటే ఆ బిల్లుల మీద వచ్చిన నోట్లు. 'యూపీఐ' అంటే కుర్రాడు యూపీఐ అని కొట్టినవి. అవి బ్యాంకులో పడ్డాయో లేదో మెసేజ్‌కి తెలియదు, పేమెంట్ యాప్‌లో ఆ రోజు లిస్ట్ చూసుకోండి. 'అప్పు' అంటే సరుకు వెళ్లింది, డబ్బు ఇంకా రాలేదు.

ఇందులో లేనివి: రీఛార్జులు, రిపేర్‌కి తీసుకున్న అడ్వాన్సులు, పాత అప్పు వసూళ్లు, డిస్ట్రిబ్యూటర్ మనిషికి గల్లాలోంచి ఇచ్చినది, టీ, ఆటో ఖర్చులు, పొద్దున చిల్లర కోసం పెట్టిన వెయ్యి.

గల్లా తేడాగా కనిపిస్తే ముందు ఆ ఆరింటినీ చీటీ మీద వేసి చూడండి. ఆ తర్వాతే వాడిని అడగండి.

రాత్రి 11 దాటినా మెసేజ్ రాకపోతే అమ్మకాలు లేవని కాదు. నాకు ఫోన్ చేయండి."

అంతే నోట్. ఇప్పుడు ఆ ఆరు అంశాలు ఎందుకంత ముఖ్యమో పైన చూపించిన మెసేజ్‌తోనే లెక్క వేసి చూద్దాం.

ఆ రాత్రి గల్లాలో ₹5,380 ఉందనుకోండి. మెసేజ్‌లో నగదు ₹5,720, పొద్దున పెట్టిన చిల్లర ₹1,000. కలిపితే ₹6,720 ఉండాలి కదా అనిపిస్తుంది. అంటే ₹1,340 తక్కువ. రోజుకూలీ మీద పనిచేసే కుర్రాడికి ఇది చిన్న మొత్తం కాదు, ఒక్క మాట అనుమానంగా పడితే రేపు పనిలోకి రాకపోవచ్చు కూడా.

ఇప్పుడు చీటీ తీద్దాం. వాపసు ఇచ్చింది ₹350, ఇది మెసేజ్‌లోనే ఉంది. దాన్ని తీసేస్తే ₹6,370. రీఛార్జులకి కస్టమర్లు నోట్లు ఇచ్చింది ₹2,390. రీఛార్జ్ డిస్ట్రిబ్యూటర్ యాప్‌లో జరుగుతుంది, మన బిల్లు బుక్‌లోకి రాదు, కానీ నోట్లు మాత్రం అదే గల్లాలో పడతాయి. కలిపితే ₹8,760. డిస్‌ప్లే మార్చడానికి ఒకరు ₹500 అడ్వాన్స్ ఇచ్చారు, ₹9,260. పాత అప్పు ఒకరు ₹800 తీర్చారు, ₹10,060. టీ, ఆటో ₹180 పోతే ₹9,880. సాయంత్రం కవర్ల సరుకు తెచ్చిన మనిషికి గల్లాలోంచి ₹4,500 ఇచ్చారు. మిగిలింది ₹5,380. గల్లాలో ఉన్నదీ అదే. ఒక్క రూపాయి కూడా పోలేదు.

ఇందులో రీఛార్జ్ సంగతి కాస్త విడిగా చెప్పాలి. దాన్ని కూడా అమ్మకాల్లో కలిపేయొచ్చుగా అని మావయ్యే అడిగారు. కలిపితే మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది గానీ, ₹299 రీఛార్జ్‌లో షాపుకి మిగిలేది చిన్న కమీషన్ మాత్రమే. మిగతాది డిస్ట్రిబ్యూటర్ బ్యాలెన్స్‌లోంచి అప్పటికే కట్ అయిపోయి ఉంటుంది. కవర్ అమ్మిన ₹299, రీఛార్జ్ చేసిన ₹299 ఒకే వరుసలో కలిస్తే ఆ వరుసకి అర్థం ఉండదు. అందుకే కావాలనే బయట పెట్టాను.

పాత అప్పు వసూలు కూడా అంతే. ఆ ₹800 సరుకు ఇచ్చిన రోజే మొత్తంలోకి వచ్చేసింది. వసూలైన రోజు మళ్లీ కలిపితే ఒకే అమ్మకం రెండుసార్లు లెక్కవుతుంది.

ఇక మెసేజ్‌లో నాకు బాగా నచ్చే వరుస మొత్తం కాదు, బిల్లు నంబర్లది. 1182 నుంచి 1222 వరకు అంటే 41 నంబర్లు, బిల్లులు కూడా 41. సరిపోయింది. రేపు 1223 నుంచి 1263 వరకు అని చూపించి, బిల్లులు 38 అంటే మూడు ఎక్కడో ఆగాయి. స్క్రిప్ట్ ఆ మూడు నంబర్లనూ 'కనపడని నంబర్లు' దగ్గర రాస్తుంది.

దానికి కారణాలు మూడు రకాలు. ఒకటి, కుర్రాడు కొట్టాడు గానీ నెట్ లేక కౌంటర్ ఫోన్‌లోనే ఉండిపోయింది. యాప్‌షీట్ ఆఫ్‌లైన్‌లో కూడా ఎంట్రీ తీసుకుంటుంది, నెట్ వచ్చాక పంపుతుంది. ఇలా ఆగినవి ఉంటే సింక్ గుర్తు మీద అంకె కనిపిస్తుంది. రెండు, బిల్లు రాశాడు గానీ రద్దీలో యాప్‌లో కొట్టడం మర్చిపోయాడు. సింక్ దగ్గర ఏమీ ఆగి లేదు, కానీ బుక్‌లో కార్బన్ కాపీ ఉంది అంటే ఇదే. మూడు, బిల్లు తప్పు రాసి కొట్టేశారు. అప్పుడు రెండు కాపీలూ బుక్‌లోనే ఉంటాయి. మూడింటినీ బిల్లు బుక్ తిరగేసి రెండు నిమిషాల్లో తేల్చేయొచ్చు.

కానీ అసలు బిల్లే రాయకుండా అమ్మితే నంబర్లలో ఖాళీ కనపడదు. అది ఈ మెసేజ్‌కి చేతకాని పని. టెంపర్డ్ గ్లాసుల్లాంటివి వారానికోసారి లెక్కపెట్టి, వచ్చిన సరుకులోంచి బిల్లులో పోయినవి తీసేసి చూడటం ఒక్కటే దారి.

టైమ్ విషయంలో కూడా జాగ్రత్త పడాలి. యాప్స్ స్క్రిప్ట్‌లో రోజువారీ ట్రిగ్గర్ పెడితే కచ్చితంగా పది గంటలకి అని ఉండదు. 10pm to 11pm అని గంట స్లాట్ ఎంచుకోవాలి, ఆ గంటలో ఎప్పుడు నడపాలో గూగుల్ నిర్ణయిస్తుంది. షాపు మామూలుగా తొమ్మిదిన్నరకి మూస్తారు కాబట్టి సరిపోతుంది. పండగ రోజుల్లో పదకొండు దాకా తెరిచే ఉంటుంది. చాలామంది ట్యుటోరియల్స్ చూసి "ఈరోజు తేదీ ఉన్న వరుసలన్నీ కూడు" అని రాసేస్తారు. అలా రాస్తే 10:17 తర్వాతి బిల్లులు ఈరోజు మెసేజ్‌లోనూ రావు, రేపటి మెసేజ్‌లోనూ రావు. నెట్ లేక ఆలస్యంగా చేరినవీ అంతే. షీట్‌లో ఉంటాయి, మెసేజ్‌లకి మాత్రం ఎప్పటికీ కనపడవు.

అందుకని షీట్‌లో Sent అని ఒక కాలమ్ పెట్టాను. తేదీని బట్టి కాకుండా, ఇంకా చెప్పని వరుసలు ఏవో చూసి తీసుకుంటుంది. తర్వాత వాటిని ఈరోజువి, ఆలస్యంగా వచ్చినవి అని విడగొడుతుంది.

```
const dayOf = d => Utilities.formatDate(d, "Asia/Kolkata", "yyyy-MM-dd");
const now = dayOf(new Date());
const fresh = rows.filter(r => r[1] && !r[6]);
const today = fresh.filter(r => dayOf(r[1]) === now);
const late  = fresh.filter(r => dayOf(r[1]) !== now);
```

ఇక్కడ r[1] బిల్లు టైమ్, r[6] Sent కాలమ్. ఆలస్యంగా వచ్చినవాటిని నేటి మొత్తంలో కలపకుండా కింద విడి వరుసలో చూపిస్తుంది. ఇంకో చిన్న విషయం: మెసేజ్ పంపిన తర్వాతే Sent కాలమ్ నింపాలి, ముందు కాదు. టెలిగ్రామ్ ఎర్రర్ ఇస్తే UrlFetchApp.fetch దగ్గరే స్క్రిప్ట్ ఆగిపోతుంది, కాలమ్ ఖాళీగానే ఉంటుంది, ఆ బిల్లులు తర్వాతి మెసేజ్‌లో వస్తాయి. వరుస తిరగేసి రాస్తే, పంపకుండానే పంపినట్టు గుర్తు పడి ఆ రోజు అమ్మకాలు మాయమవుతాయి.

దీనికీ ఒక పరిమితి ఉంది. ఒకసారి చెప్పేసిన బిల్లుని మర్నాడు షీట్‌లో దిద్దితే మెసేజ్ మళ్లీ చెప్పదు. అందుకే కుర్రాడి యాప్‌లో పాత ఎంట్రీలు ఎడిట్ చేసే ఆప్షన్ తీసేశాను. తప్పు పడితే వాపసు కింద ఒక ఎంట్రీ, సరైనది ఇంకో కొత్త బిల్లు. వాడికి పని కొంచెం ఎక్కువే, కానీ ఏం జరిగిందో వరసగా కనిపిస్తుంది.

మెసేజ్ రాని రోజు నేను చూసేది యాప్స్ స్క్రిప్ట్‌లోని Executions పేజీ. అక్కడ Failed అని ఉంటే కారణం పక్కనే ఉంటుంది. Completed అని ఉండి కూడా మావయ్యకి రాలేదంటే, ఆయన ఫోన్‌లో నెట్ ఆఫ్ అయి ఉండటమో, టెలిగ్రామ్ నోటిఫికేషన్లు మ్యూట్‌లో ఉండటమో.