పచ్చసొన కుక్కకు, బజ్జీ మనిషికి

పొద్దు వాలే వేళ ఆలూరు బస్టాండు దగ్గర ఉడికించిన గుడ్లమ్మే బండి ముందు ఒక నడివయసాయన నిలబడ్డాడు. రెండు గుడ్లు నడిమికి కోయించి, ఉప్పూ కారం చల్లించుకున్నాడు. తర్వాత పచ్చసొన రెండూ వేలితో తీసి, బండి కింద పడుకున్న కుక్కకు వేశాడు. "అది వట్టి కొలెస్ట్రాలు. మనకొద్దప్పా" అన్నాడు బండాయనతో. తెల్లసొన తిని, అదే చేత్తో పక్క బండి మీద నాలుగు మిరపకాయ బజ్జీలు తీసుకున్నాడు.

కుక్కకు మంచి భోజనమే దొరికింది. ఆయనకు మేలు జరిగిందా అన్నదే ప్రశ్న.

జవాబు ముందే చెప్పుకుందాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజుకో గుడ్డు సొనతో సహా తినొచ్చు. అమెరికా హృద్రోగ సంఘం 2019 చివర్లో ఇచ్చిన సలహా ఇదే. కొలెస్ట్రాల్ అదుపులో ఉన్న వృద్ధులైతే, మిగతా తిండి బాగున్నప్పుడు, రోజుకు రెండు దాకా పరవాలేదని కూడా ఆ సంఘం చెప్పింది. ఇక్కడ 'ఆరోగ్యంగా' అంటే కండబలం అని కాదు. చక్కెర జబ్బు లేకపోవడం, గుండెజబ్బు లేకపోవడం, రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ హద్దులో ఉండటం అని అర్థం.

మరి సొన మీద ఇంత అనుమానం ఎక్కడినుంచి వచ్చింది?

కుందేళ్లూ, ఇరవై అయిదు గుడ్ల తాతా

1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్కోవ్ అనే శాస్త్రవేత్త కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకు తినిపించాడు. వాటి రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుంది. కొలెస్ట్రాల్‌కూ నాళాల జబ్బుకూ ఉన్న సంబంధాన్ని చూపిన గొప్ప ప్రయోగం అది. కాకపోతే కుందేలు గడ్డి తినే జంతువు. పుట్టి బుద్ధెరిగాక అది తిండిలో కొలెస్ట్రాల్ ఎరగదు. ఒక్కసారిగా వచ్చి పడితే వదిలించుకునే ఏర్పాటు దాని ఒంట్లో అంతగా లేదు.

మనిషి ఒంట్లో ఆ ఏర్పాటు ఉంది. అది ఎంత దూరం పోగలదో 1991లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన కేసు చూపిస్తుంది. ఎనభై ఎనిమిదేళ్ల ముసలాయన ఒకరు ఏళ్ల తరబడి రోజుకు దాదాపు పాతిక గుడ్లు తింటూ వచ్చారు. రక్తంలో కొలెస్ట్రాల్ చూస్తే మొత్తం 200 దగ్గరే ఉంది. కారణమేమిటని పరీక్షిస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. తిన్న కొలెస్ట్రాల్‌లో ఆయన పేగులు పీల్చుకుంటున్నది అయిదో వంతు కూడా లేదు. మామూలు మనుషుల్లో అది సగం దాకా ఉంటుంది. రెండోది, లోపలికి వచ్చినదాన్ని ఆయన కాలేయం ఎక్కువగా పిత్తరసపు ఆమ్లాలుగా మార్చి పేగుల్లోకి పంపించేస్తోంది.

అలాగని ఆ తాతను చూసి పాతిక గుడ్లకు పూనుకోకూడదు. అందరి పేగులూ ఒకటి కావు. కొందరు తిన్నదాంట్లో తక్కువ పీల్చుకుంటారు, కొందరు ఎక్కువ. ఈ తేడా చాలావరకు పుట్టుకతో వచ్చేది. గుడ్డు విషయంలో అందరికీ ఒకే అంకె చెప్పలేకపోవడానికి అసలు కారణం ఇదే.

కాలేయం మీది కొక్కేలు

కొలెస్ట్రాల్ మైనం లాంటి పదార్థం. ప్రతి కణం పొరలోనూ అది కావాలి. కొన్ని హార్మోన్లకూ పిత్తరసానికీ అదే ముడిసరుకు. అందుకే ఒళ్లు దాన్ని తిండి కోసం ఎదురుచూడకుండా తనే తయారు చేసుకుంటుంది. మనం తినేదానికంటే లోపల తయారయ్యేదే ఎక్కువ. తిండిలో కాస్త ఎక్కువొస్తే, చాలామందిలో లోపలి తయారీ ఆ మేరకు తగ్గుతుంది.

మైనం నీళ్లలో కరగదు కాబట్టి రక్తంలో ఒంటరిగా ప్రయాణం చేయలేదు. దాన్ని మోసే బళ్లలో ఒకటి ఎల్‌డీఎల్. కాలేయం కణాల మీద ఈ బళ్లను పట్టి లోపలికి లాగే కొక్కేల్లాంటి గ్రాహకాలు ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. కొక్కేలు చాలినన్ని ఉంటే బళ్లు తొందరగా ఖాళీ అవుతాయి. తగ్గితే బళ్లు రక్తంలోనే తిరుగుతూ నాళాల గోడల్లో దూరుతాయి.

ఆ కొక్కేలను బాగా తగ్గించేది సంతృప్త కొవ్వు, అంటే డాల్డా, వెన్న, పామాయిలు లాంటి వాటిలో ఎక్కువగా ఉండే కొవ్వు. తిన్న కొలెస్ట్రాల్ కూడా తగ్గిస్తుంది గానీ ఆ దెబ్బ చిన్నది. గుడ్డులో ఈ రెండూ ఎంతెంత ఉన్నాయో చూద్దాం. ఒక మోస్తరు గుడ్డు సొనలో సుమారు 190 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. సంతృప్త కొవ్వు మాత్రం గ్రామున్నరే. పామాయిలులో దాదాపు సగం సంతృప్త కొవ్వే కాబట్టి ఒక పెద్ద చెంచాడు నూనెలో అది ఏడు గ్రాముల దాకా ఉంటుంది. బస్టాండు ఆయన తిన్న నాలుగు బజ్జీలు పామాయిలులో వేగి, చెంచాడు నూనె పీల్చుకున్నాయనుకుంటే, రెండు సొనలు పారేసి తప్పించుకున్నది మూడు గ్రాములు, బజ్జీలతో తెచ్చుకున్నది ఏడు.

ఈ రెంటినీ విడదీసి చూసిన ప్రయోగం ఒకటి 2025లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అరవై మంది చిల్లర ఆరోగ్యవంతులు ఒక్కో తిండిని అయిదు వారాల చొప్పున మార్చి మార్చి తిన్నారు. సంతృప్త కొవ్వు తగ్గించి రోజుకు రెండు గుడ్లు తిన్నప్పుడు వాళ్ల సగటు ఎల్‌డీఎల్ 104 దగ్గరుంది. వారానికి ఒక్క గుడ్డే తిని, సంతృప్త కొవ్వు రెట్టింపు ఉన్న తిండి తిన్నప్పుడు 109కి చేరింది. ఈ ప్రయోగానికి డబ్బిచ్చింది అమెరికా గుడ్ల పరిశ్రమకు చెందిన సంస్థ అన్న సంగతి గుర్తుంచుకోవాలి. అయితే కొక్కేల గురించి అంతకుముందే తెలిసినదానితో ఈ ఫలితం సరిపోతోంది.

ఒక రిపోర్టు చదువుదాం

ఆలూరులో నలభై ఎనిమిదేళ్ల ఒకాయన ఉన్నాడనుకుందాం. రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 212, ఎల్‌డీఎల్ 128, మంచిదనే హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిసరైడ్లు 250 ఉన్నాయి. 200 దాటిన మొదటి అంకె చూసి ఆయన గుడ్డు మానేశాడు.

రోజుకో గుడ్డు మానితే ఏమవుతుంది? తిండిలో 100 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ మారితే రక్తంలో మొత్తం కొలెస్ట్రాల్ సగటున రెండు అంకెలు మారుతుందని చాలా ప్రయోగాలను కలిపి వేసిన లెక్క. అంటే గుడ్డుకు నాలుగు. 212 కాస్తా 208 అవుతుంది. ఏ మార్పూ చేయకుండా ఇవాళొకసారి, వారం తర్వాత ఒకసారి పరీక్ష చేయించినా ఒకే మనిషిలో పదీ పన్నెండు అంకెల తేడా రావడం మామూలే. కాబట్టి ఆ నాలుగు రిపోర్టులో కనిపించను కూడా కనిపించదు.

ఈ రిపోర్టులో గట్టిగా పట్టించుకోవాల్సినవి 250, 34 అనే రెండు అంకెలు. ట్రైగ్లిసరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండటం మన దేశంలో బాగా కనిపించే జోడీ. దీని వెనక ఎక్కువగా ఉండేవి పిండిపదార్థాలు, తీపి, పొట్టకొవ్వు, మందు, కదలని ఒళ్లు. మన నేలదీ ఒక కథ ఉంది. ఒకప్పుడు ఈ మెట్ట ఊళ్లలో జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి రోజువారీ తిండి, వరి అన్నం పండగ కూడు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక అన్నం మూడు పూటలకూ పాకింది. ఎండలో పొలం పని చేసినన్నాళ్లూ అది చెల్లింది. కొట్టులో కూర్చునే మనిషికి అంత అన్నం ట్రైగ్లిసరైడ్లుగా తేలుతుంది. ఆయన గుడ్డు మానేసి, ఆకలికి మరో గంటెడు అన్నం పెట్టించుకుంటే ఆ 250 తగ్గదు సరికదా, పెరగొచ్చు.

తెల్లసొన ఒక్కటే తినేవాళ్లు మరో సంగతి గమనించాలి. గుడ్డులోని ఆరు గ్రాముల చిల్లర మాంసకృత్తుల్లో దాదాపు అయిదింట రెండు వంతులు సొనలోనే ఉన్నాయి. ఏ, డీ విటమిన్లూ, కోలిన్ అనే పోషకమూ, బీ12లో ఎక్కువ భాగమూ సొనవే. మాంసం ఆదివారానికే పరిమితమైన ఇంట్లో బీ12 దొరికే చోట్లు పాలు, గుడ్డు తప్ప పెద్దగా లేవు.

అధ్యయనాలు ఎందుకు కొట్లాడుకుంటాయి

అమెరికా హృద్రోగ సంఘం 1968లో వారానికి మూడు గుడ్లు దాటొద్దంది. 2015 నాటి అమెరికా ప్రభుత్వ ఆహార సూత్రాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అన్న హద్దును తీసేశాయి. 2019లో దాదాపు ముప్పై వేల మంది అమెరికన్లను చూసిన అధ్యయనం రోజుకు ప్రతి అదనపు సగం గుడ్డుకూ గుండెజబ్బు ముప్పు ఆరు శాతం పెరిగిందని చెప్పింది. మరుసటి ఏడే యాభై దేశాల్లో 1,77,000 మంది లెక్కలు చూసిన విశ్లేషణలో గుడ్లకూ గుండెజబ్బుకూ సంబంధం కనిపించలేదు. ఈ రెండోదానికి మూలమైన ప్యూర్ అధ్యయనంలో అప్పటి చిత్తూరు జిల్లా రిషివ్యాలీ గ్రామీణ ఆరోగ్య కేంద్రం కూడా పాలుపంచుకుంది.

ఈ చివరి రెండూ మనుషుల్ని 'ఏం తిన్నారు' అని అడిగి, తర్వాత ఏళ్లపాటు గమనించిన అధ్యయనాలు. అమెరికా పళ్లెంలో గుడ్డు పక్కన వెన్న, పందిమాంసం ఉంటాయి. మన పళ్లెంలో గుడ్డు పులుసు, రొట్టె ఉంటాయి. తప్పు గుడ్డుదో పక్కదానిదో ఇలాంటి లెక్కలు పూర్తిగా విడదీయలేవు. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు. రోజుకో గుడ్డు దాకా రుజువులు చాలావరకు నిబ్బరంగా ఉన్నాయి. అంతకు మించి రోజూ రెండు మూడు తినే జనం ఈ అధ్యయనాల్లో తక్కువ కాబట్టి ధీమాగా చెప్పే ఆధారమూ తక్కువే.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, గుండెకు స్టెంటు పడ్డవాళ్లు, ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు చూసినవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లకు గుడ్ల సంఖ్య డాక్టరే చెప్పాలి. మిగతావాళ్లలో రెండు గుడ్లు తినాలనుకునేవారికి ఒక దారి ఉంది. ముందొకసారి కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోవాలి. నూనె, అన్నం ఏమీ మార్చకుండా ఆరు వారాలు రెండేసి తిని, అదే ల్యాబులో మళ్లీ చేయించుకోవాలి. ఎల్‌డీఎల్ నాలుగైదు అంకెలు కదిలితే దాన్ని లెక్కపెట్టనక్కర్లేదు. ఇరవై, ముప్పై పెరిగి, ఇంకోసారి చేయించినా అలాగే ఉంటే, మీ పేగులు ఎక్కువ పీల్చుకునే రకం కావచ్చు. ఒక గుడ్డుకు దిగి మళ్లీ చూసుకోవాలి.

మన ఇళ్లలో చాలావాటిలో సోమవారం గుడ్డు ముట్టరు, శనివారం అసలే ముట్టరు. రోజుకొకటి చొప్పున తిన్నా వారానికి అయిదు దాటవు. అందులో సొన తీసి పారేయాల్సిన గుడ్డు ఒక్కటీ లేదు.