పండగ ముందు రోజంటే ఏ రోజు?

‘దీపావళి స్వీట్లు పండగ ముందు రోజు తీసుకెళ్లండి.’ స్వీట్ షాపు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఇంతకంటే ప్రమాదకరమైన వాక్యం ఉండదు. 2024లో దీపావళి అక్టోబరు 31నా, నవంబరు 1నా అని ఇంటింటా చర్చే. ఈసారి, అంటే 2026లో, అమావాస్య నవంబరు 8 పగలు మొదలై 9 మధ్యాహ్నం దాకా ఉంది. పండగ 8నే అయినా, నోము 9న పట్టేవాళ్లకు ‘ముందు రోజు’ వేరు. అందుకే తేదీ, వారం రెండూ రాయాలి.

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్‌లో ఇంకో చిక్కుంది. ఆర్డరిచ్చేది నిర్మాణ సంస్థ మేనేజరు, పెట్టెలకోసం వచ్చేది డ్రైవరు. మేనేజరు మెసేజ్‌ను అలాగే ఫార్వర్డ్ చేస్తారు. కాబట్టి అది చదివితే చాలు, డ్రైవరు ఏ రోజు, ఎన్నింటికి రావాలో తెలిసిపోవాలి. పైగా 8 ఆదివారం. ఆఫీసులో పంచాలంటే పెట్టెలు శుక్రవారానికే కావాలి. ఇళ్లవాళ్లు శనివారం చాలంటారు. ఈ ఇద్దరికీ ఒకే మెసేజ్ పంపకూడదు, రెండు జాబితాలు పెట్టుకోవాలి. బ్రాడ్‌కాస్ట్‌లో ఎవరి పేరూ దానంతటది పడదు. మనవాళ్లే రాశారనిపించేది ఈ విడదీయడం వల్లే. ఇళ్ల జాబితాకు ఇలా రాయొచ్చు:

‘నమస్కారమండీ. పోయిన దీపావళికి మా దగ్గరే తీసుకున్నారు, ఈసారీ మీకోసం చేస్తున్నాం. దీపావళి నవంబరు 8, ఆదివారం. ఆర్డరుకు ఆఖరు: నవంబరు 3, మంగళవారం రాత్రి 8. సున్నుండలు, కాజాలు తీసుకెళ్లేది: నవంబరు 6, శుక్రవారం. కోవా స్వీట్లు: నవంబరు 7, శనివారం. రెండు రోజులూ ఉదయం 10 నుంచి రాత్రి 9 వరకు. ఏం కావాలో, ఎన్ని కిలోలో, ఎవరొస్తారో దీనికే జవాబు రాయండి. అడ్వాన్సు అందగానే ఆర్డరు నంబరు పంపుతాం.’

కోవాకు వేరే రోజెందుకు? నేతి సున్నుండ వారమైనా నిలుస్తుంది, కోవా ఒకటి రెండు రోజులకే పులుపెక్కుతుంది. శుక్రవారమే ఇచ్చేస్తే పండగనాడు వాసన చూసి పెట్టె తిరిగొస్తుంది. ఎవరొస్తారో అడగడం డ్రైవరు కోసమే: కౌంటర్లో ఆ పేరూ నంబరూ చెబితే పెట్టె చేతికొచ్చేస్తుంది.

ధరల పట్టిక, ఫొటోలు ఇందులో కలపొద్దు, అడిగినవాళ్లకు విడిగా పంపండి. ఫొటోల కింద తేదీలు ఎవరి కంటా పడవు.

మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకోనివాళ్లకు బ్రాడ్‌కాస్ట్ చేరదు. ఒక్కో జాబితాలో 256 మందే పడతారు. పంపిన పూటే మెసేజ్ వివరాలు తెరిచి, ఎవరికి అందలేదో చూడండి. వాళ్లకు ఫోన్ చేయాల్సిందే. ఇక దసరాకు బిల్లు వేసేటప్పుడే ‘మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, దీపావళి తేదీలు పంపుతాం’ అని కౌంటర్లో అబ్బాయి చెప్పగలిగితే ఆ ఫోన్లు సగానికి సగం తగ్గుతాయి.