థీసిస్‌లో ఎవరి పేరు ముందు?

మనకు ఇంట్లో నేర్పిన వరుస తల్లి, తండ్రి, గురువు, దైవం. పీహెచ్‌డీ థీసిస్‌లో ‘కృతజ్ఞతలు’ రాయడానికి కూర్చుంటే ఆ వరుస మారిపోతుంది. గైడ్ ముందుకొస్తారు, ఇంటివాళ్లు చివరికి వెళ్తారు. కన్నవాళ్లను ఆఖరున పెట్టడానికి చాలామందికి మనసొప్పదు. అయితే ఆ పేజీలో వరుస పెట్టేది ప్రేమను చూసి కాదు, పరిశోధనకు ఎవరెంత దగ్గరగా ఉన్నారో చూసి. అమ్మానాన్నల పేర్లే ముందుండాలనుకుంటే దానికి అంకితం పేజీ వేరే ఉంది. చాలా థీసిస్‌లలో అది కృతజ్ఞతల కంటే ముందే వస్తుంది.

ఈ అలవాటు మనదొక్కటే కాదు. భాషాశాస్త్రవేత్త కెన్ హైలాండ్ హాంకాంగ్ విద్యార్థులు రాసిన 240 థీసిస్‌ల కృతజ్ఞతలను పరిశీలించి 2003లో ఒక వ్యాసం ప్రచురించారు. డబ్బు సాయానికి, ధైర్యం చెప్పినందుకు కృతజ్ఞతలు కొన్నింట్లో ఉన్నాయి, కొన్నింట్లో లేవు. చదువులో సాయపడ్డవారికి చెప్పినవి మాత్రం అన్నింట్లోనూ ఉన్నాయి.

అందుకు కారణం ఉంది. ఈ పరిశోధన నా సొంతమని విద్యార్థి సంతకం చేసి ఇచ్చే డిక్లరేషన్ థీసిస్ మొదట్లోనే ఉంటుంది. ఆ సొంతపనిలో ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో కృతజ్ఞతల పేజీ చెబుతుంది. వైవాకు వచ్చే ఎగ్జామినర్ దాన్ని ఆ కంటితోనే చదువుతారు.

ఒక కెమిస్ట్రీ విద్యార్థిని ఊహించుకుందాం. ఆమె మొదట రాసింది ఇది: ‘మహోన్నత వ్యక్తిత్వం కలిగిన, ఆదర్శమూర్తులైన మా గైడ్ గారి పాదపద్మాలకు శతకోటి వందనాలు.’ భక్తి నిజమైనదే కావచ్చు. కానీ ఈ వాక్యాన్ని ఏ థీసిస్‌లో పెట్టినా అతుకుతుంది కాబట్టి ఆ గైడ్ గురించి మనకేమీ తెలియదు. తిరగరాస్తే ఇలా వచ్చింది: ‘రెండేళ్లు ప్రయత్నించిన రియాక్షన్ దారికి రానప్పుడు, దాన్ని వదిలేసి క్యాటలిస్ట్ మార్చి చూడమన్నది మా గైడ్ గారే. నాలుగో అధ్యాయమంతా ఆ సలహాతోనే మొదలైంది.’ ఇందులో పొగిడే విశేషణం ఒక్కటీ లేదు. గౌరవం మాత్రం మొదటి వాక్యంలో కంటే ఎక్కువే కనిపిస్తోంది.

గైడ్ తర్వాత కో-గైడ్ ఉంటే వారు, డాక్టోరల్ కమిటీ సభ్యులు, డిపార్ట్‌మెంట్ హెడ్ వస్తారు. వీళ్లకు ఒకటి రెండు వాక్యాలు చాలు. ఫెలోషిప్ ఇచ్చిన సంస్థ పేరు మాత్రం పూర్తిగా, తప్పు లేకుండా ఉండాలి. సీఎస్ఐఆర్, యూజీసీ వంటి సంస్థల సాయం తీసుకుంటే ఆ మాట రాసితీరాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ల్యాబ్ మేట్స్ దగ్గర. ‘నా ల్యాబ్ మిత్రులందరికీ’ అని ఒక్క మాటలో తేల్చేస్తే, రాత్రిళ్లు పక్కన నిలబడి కాలమ్ వేయడం నేర్పిన సీనియర్, పొద్దున పలకరించి వెళ్లినవాడు ఒకే గాటన పడతారు. ఎవరేం చేశారో చెప్పి పేరు రాయాలి. మిగిలినవారిని చేరిన సంవత్సరం ప్రకారమో అక్షరక్రమంలోనో పెడితే ఎవరూ నొచ్చుకోరు. ఎన్ఎంఆర్ మెషీన్ దగ్గర శాంపిళ్లు నడిపిన ఆపరేటర్, గాజుసామాను కడిగిన అటెండర్ జాబితాలో తరచూ జారిపోతారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. జూనియర్ ఒకరు రెండు ప్రయోగాలు చేసిపెట్టినా, వేరే ల్యాబ్‌వాళ్లు క్రిస్టల్ స్ట్రక్చర్ తేల్చి ఇచ్చినా కృతజ్ఞతల్లో ఒక మాట సరిపోదు. ఆ ఫలితం ఉన్న అధ్యాయంలోనే అది ఎవరి పనో రాయాలి.

గైడ్‌తో పొసగకపోతే? కోపం ఆ పేజీకి ఎక్కకూడదు, లేని ప్రేమా ఎక్కకూడదు. ‘ఈ పరిశోధనకు పర్యవేక్షణ వహించి, అధ్యాయాలను చదివి సవరణలు సూచించిన గైడ్ గారికి కృతజ్ఞతలు’ అని జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. ఆ పొడి వాక్యం ఎందుకలా ఉందో తెలిసినవాళ్లకు తెలుస్తుంది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఇంటివాళ్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు మెత్తబడవచ్చు. అక్కడా జరిగిన సంగతే బలం. ‘అన్నివిధాలా అండగా నిలిచిన కుటుంబానికి’ అనే బదులు ఆమె ఇలా రాసింది: ‘ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రానప్పుడు నా మెస్ బిల్లు అన్నయ్య కట్టాడు. పెళ్లెప్పుడని అడిగినవాళ్లందరికీ అమ్మే జవాబు చెప్పుకుంది.’ ఇంటి సంగతులు ఎంతవరకు రాయాలో కూడా చూసుకోవాలి. మన దేశంలో థీసిస్‌లు ‘శోధ్‌గంగ’ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి చేరతాయి, ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఇంట్లోవాళ్ల జబ్బులు, అప్పుల వివరాలు రాయాలనిపిస్తే ముందు వాళ్లనే అడగాలి. బైండింగ్‌కు ఇచ్చేముందు ప్రతి పేరునూ, ఇంటిపేరుతో సహా, ఆ మనిషికే చూపించి సరిచూసుకోవాలి. బైండింగ్ అయిపోయాక అక్షరం దిద్దడానికి వీలుండదు.