లెక్కకు 12 గంటలు, నౌకకు 22 గంటలు

ఒక కంటైనర్ నౌక రేవుకు వచ్చిందనుకుందాం. దించాల్సినవీ ఎక్కించాల్సినవీ కలిపి 900 పెట్టెలు. ఒడ్డున మూడు పెద్ద క్రేన్లున్నాయి, ఒక్కోటి గంటకు 25 పెట్టెలు తీయగలదు. అంటే మూడూ కలిసి గంటకు 75. హైస్కూలు పిల్లాడినడిగినా 12 గంటల్లో పని అయిపోతుందంటాడు. కానీ నౌక మాత్రం 22 గంటలు దాటాక గానీ కదల్లేదు. మిగిలిన పది గంటలూ ఎటు పోయాయి?

ఇది నేను ఊహించిన నౌకే గానీ, అంకెలు వింతవేమీ కావు. విశాఖపట్నం కంటైనర్ టెర్మినల్‌నే చూడండి. 2023 సంవత్సరానికి ప్రపంచ బ్యాంకు వేసిన కంటైనర్ రేవుల పనితీరు సూచీలో విశాఖకు 19వ స్థానం వచ్చింది. అప్పుడు కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క: క్రేన్‌కు గంటకు 27.5 పెట్టెలు, నౌక వచ్చి వెళ్లడానికి 21.4 గంటలు. ప్రపంచంలో మొదటి ఇరవైలో నిలిచిన రేవులోనే దాదాపు ఒక పగలూ రాత్రీ పట్టిందన్నమాట. కాబట్టి ఆ పది గంటలకు బద్ధకం కారణం కాదు, మరేదో ఉంది.

ముందు నౌక లోపలి అమరిక తెలియాలి. ముక్కు నుంచి తోక దాకా నౌకను అడ్డంగా వరసలు వరసలుగా విభజిస్తారు. ఒక్కో వరసను బే అంటారు. నలభై అడుగుల పెట్టె పట్టే బేలకు సరి అంకెలు: 02, 06, 10, అలా 30, 34 వరకూ, ఇంకా పైకీ. ప్రతి పెట్టెకూ ఆరంకెల చిరునామా ఉంటుంది. 300482 అంటే 30వ బే, నడిమధ్య నుంచి ఎడమ వైపు రెండో వరస, డెక్కు మీద మొదటి అంతస్తు. డెక్కు మీద అంతస్తులు 82, 84 అని మొదలవుతాయి, అడుగున గదిలో 02, 04 అని. డెక్కుకీ గదికీ మధ్య హాచ్ కవర్లనే బరువైన ఉక్కు మూతలుంటాయి. మూత కింది పెట్టె కావాలంటే మూత మీదున్నవన్నీ ముందు తీయాలి. అవి ఈ ఊరివి కాకపోయినా సరే, తీసి మళ్లీ పెట్టాల్సిందే.

ఇప్పుడు మన 900 పెట్టెలు నౌకంతా సమానంగా పరుచుకుని లేవు. ముందు రేవుల్లో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఎక్కించారు. మన సరుకు వెనక వైపు 30, 34 బేలలో గుట్టపడింది, ఒక్కో దాంట్లో 210. మిగతా 480 ముందు సగంలో ఉన్నాయి. ఆంధ్ర రొయ్యలు వెళ్లే శీతల కంటైనర్లకైతే ఇది మరీ మామూలు. వాటికి కరెంటు ప్లగ్గులున్న చోటే స్థానం, ఆ ప్లగ్గులు అన్ని చోట్లా ఉండవు. అందుకని అవన్నీ కొన్ని బేలలోనే చేరతాయి.

అయితే 30 మీద ఒక క్రేన్, 34 మీద ఇంకొకటి పెట్టొచ్చు కదా అంటారా? కుదరదు. నలభై అడుగుల పెట్టె పొడవు 12 మీటర్లు. దాన్నెత్తే క్రేన్ కాళ్ల మధ్య వెడల్పు బఫర్లతో కలిపి సుమారు 27 మీటర్లు. పక్కపక్క బేలలో రెండు క్రేన్లు ఒకేసారి నిలబడితే ఒకదానికొకటి తగులుతాయి. కాబట్టి ఆ 420 పెట్టెలూ ఒకే క్రేన్ తీయాలి, గంటకు 25 చొప్పున 16 గంటల 48 నిమిషాలు. మిగతా రెండు క్రేన్లూ చెరి 240 తీసి 9 గంటల 36 నిమిషాలకే ఖాళీ అవుతాయి. ఆ తర్వాత ఏడు గంటల పాటు బూమ్ పైకెత్తుకుని చూస్తూ ఉండడమే వాటి పని. ఎక్కువ సేపు పట్టే ఈ ఒక్క క్రేన్‌ను రేవుల్లో లాంగ్ క్రేన్ అంటారు. నౌక ఎప్పుడు కదులుతుందో తేల్చేది అదే. నాలుగో క్రేన్ తెచ్చి పెట్టినా ఈ నౌక ఒక్క నిమిషం ముందు కూడా వెళ్లదు.

ఆ క్రేన్ పని వేళను వరసగా చూద్దాం. ఉదయం ఆరింటికి పైలట్ నౌక ఎక్కాడు. టగ్గులు నెట్టగా నౌక బెర్త్‌కు చేరి, తాళ్లు కట్టేసరికి ఏడున్నర. నిచ్చెన దించారు, అధికారులు కాగితాలు చూశారు, లాషింగ్ కూలీలు పైకెక్కి పెట్టెలను బిగించిన ఉక్కు కడ్డీలు విప్పారు. మొదటి పెట్టె గాల్లోకి లేచింది ఎనిమిదింటికి. రెండు బేలకూ కలిపి ఆరు హాచ్ మూతలు, తీయడం ఆరు సార్లు, తిరిగి వేయడం ఆరు సార్లు. ఒక్కోసారి నాలుగు నిమిషాలనుకున్నా 48 నిమిషాలు. షిఫ్టు మార్పులూ భోజనాలూ కలిపి ఒక గంట. మొత్తం 18 గంటల 36 నిమిషాలు. తెల్లవారుజామున రెండున్నర దాటాక చివరి పెట్టె దిగింది. మళ్లీ కడ్డీలు బిగించి, బరువుల పట్టిక సరిచూసుకుని, పైలట్‌ను పిలిపించుకుని తాళ్లు విప్పేసరికి నాలుగుంపావు. ఆరింటికి మొదలైన లెక్క 22 గంటల పదిహేను నిమిషాల దగ్గర తేలింది. ఎవరూ తప్పు చేయలేదు, ఏ యంత్రమూ చెడిపోలేదు.

ఇంకో సంగతి. ఆ గంటకు 25 అన్న వేగం క్రేన్ సొంతం కాదు. 25 అంటే పెట్టెకు 2 నిమిషాల 24 సెకన్లు. క్రేన్ డ్రైవరు అద్దాల నేల ఉన్న గదిలో కూర్చుని తన కాళ్ల సందుల్లోంచి కిందికి చూస్తూ స్ప్రెడర్‌ను పెట్టె నాలుగు మూలల మీదా కూర్చోబెడతాడు. నాలుగు తాళాలూ పడ్డాయని దీపం వెలిగాక ఎత్తి, ఒడ్డుకు తెచ్చి, కింద ట్రైలర్ మీద దించుతాడు. డెక్కు మీది పెట్టెలకైతే మూలల్లో ట్విస్ట్‌లాకులుంటాయి, వాటిని కింద మనుషులు ఊడదీయాలి. ఇదంతా ఆయన చేతిలో పనే. కింద ట్రైలర్ ఉందా లేదా అన్నది మాత్రం ఆయన చేతిలో లేదు, అది యార్డ్ చేతిలో ఉంది.

ఒక ట్రైలర్ క్రేన్ కింద నుంచి యార్డ్‌కు వెళ్లి పెట్టె దించుకుని తిరిగి రావడానికి 12 నిమిషాలు పడితే, ఐదు ట్రైలర్లతో క్రేన్ ఆగకుండా నడుస్తుంది. అదే తిరుగుడు 18 నిమిషాలైతే ఐదింటితో వచ్చేది 3 నిమిషాల 36 సెకన్లకు ఒకటి. క్రేన్ వేగం గంటకు 25 నుంచి 17 లోపుకు పడిపోతుంది. 420 పెట్టెలకు పట్టేది 17 గంటలు కాదు, 25. డ్రైవరు అదే, క్రేన్ అదే. మారింది ఒక్క ట్రైలర్ తిరుగుడు సమయం.

ఆ ఆరు నిమిషాలు యార్డ్‌లో ఎలా పోతాయి? యార్డ్‌లో పెట్టెలు పేర్చేది రబ్బరు టైర్ల మీద నడిచే క్రేన్లు, రేవు భాషలో ఆర్‌టీజీలు. ఒక్కోటి ఆరు వరసల వెడల్పూ ఐదు పెట్టెల ఎత్తూ పేరుస్తుంది. పక్కనే ట్రైలర్ దారి. గోదాములో బియ్యం బస్తాల దొంతర లాంటిదే ఇది, అడుగుది కావాలంటే పైవన్నీ దించాలి. ఐదెత్తు దొంతరలో ఏదో ఒక పెట్టె కావాలంటే సగటున రెండు పెట్టెలు జరపాలి, అడుగుదైతే నాలుగు. జరిపినవి పెట్టడానికి చోటు కావాలి కాబట్టి ఆరు వరసలు, ఐదెత్తుల్లో 30 స్థానాలున్నా 26కు మించి నింపకూడదు. నింపితే ఆర్‌టీజీకి చెయ్యి ఆడదు. యార్డ్ నిండుగా కళకళలాడుతోందంటే వ్యాపారం బాగుందనుకుంటాం గానీ, పని చేసే వాళ్లకు అది గుండెదడ.

ఎగుమతి పెట్టెల విషయంలో ప్లానరుకు ఒక వెసులుబాటు ఉంది. ఒకే రేవుకు, ఒకే సైజువి, ఒకే బరువు తరగతివి ఒకే దొంతరలో పెడితే, పైనున్నదే తీసి పంపొచ్చు, ఏదైనా ఒకటే. చిక్కంతా బరువు దగ్గర. నౌకలో బరువైనవి అడుగుకు పోవాలి, అంటే ముందు ఎక్కాలి. యార్డ్‌లో అవి పైన దొరకాలి. పెట్టెలు మాత్రం బరువు చూసుకుని రావు, లారీ ఎప్పుడు బయల్దేరితే అప్పుడు వస్తాయి. 2016 జూలై 1 నుంచి తూకం వేసి ధ్రువీకరించిన బరువు చెప్పకుండా పెట్టెను నౌకెక్కించకూడదన్న అంతర్జాతీయ నిబంధన వచ్చాక ఊహించి చెప్పడం తగ్గింది. దిగుమతి పెట్టెలకు ఆ వెసులుబాటూ లేదు. ఏ యజమాని ఏ రోజు వస్తాడో తెలియదు, వచ్చినవాడికి వాడి పెట్టే కావాలి. రాత్రి పని తక్కువున్న వేళల్లో మర్నాడు కదిలే పెట్టెలను పైకి తెచ్చి పెట్టుకోవడం అందుకే.

మరో లోతైన లెక్క ఉంది. ఆర్‌టీజీ ఒక పెట్టెకు నాలుగు నిమిషాలు తీసుకుంటే గంటకు 15 మాత్రమే. నౌక క్రేన్ 25 అడుగుతుంది. కాబట్టి ఒక నౌక క్రేన్‌కు చెందిన పెట్టెలన్నీ ఒకే బ్లాకులో చక్కగా పేరిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ పని చెడుతుంది, ఆ బ్లాకు ముందు ట్రైలర్లు బారులు తీరతాయి. రెండు బ్లాకుల్లో పంచాలి. నాలుగైదింట్లో చెల్లాచెదురు చేస్తే ఆర్‌టీజీలు తిరగడానికే సమయం పోతుంది. ఎన్ని బ్లాకులు, ఏ గంటకు ఏది అన్నది నౌక రాక ముందే తేల్చుకోవాలి.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి కంప్యూటరు అక్కర్లేదు, క్రేన్ కాళ్ల దగ్గర చూస్తే చాలు. స్ప్రెడర్ పెట్టెను పట్టుకుని గాల్లో నిలబడి, కింద ట్రైలర్ లేకపోతే తప్పు యార్డ్‌ది. ట్రైలర్లు వరసలో ఆగి క్రేన్ నెమ్మదిగా ఉంటే తప్పు నౌక మీద: ట్విస్ట్‌లాకు పట్టేసిందో, మూత ఎత్తుతున్నారో. ఒక క్రేన్ పనిలో ఉండి మిగతావి బూమ్ ఎత్తేసి ఉంటే అది పేర్పు తప్పు, మొన్నటి రేవులోనే జరిగిపోయింది.

ఆ చివరి తప్పును కొంత దిద్దుకునే వీలుంది. రేవు ప్లానరు, నౌకా సంస్థ ప్లానరు ముందే మాట్లాడుకుని, 30, 34 బేలలో ఎక్కించాలనుకున్న పెట్టెల్లో 80ని ముందు వైపుకు మార్చారనుకోండి. లాంగ్ క్రేన్‌కు 340 మిగులుతాయి, మిగతా రెండింటికి చెరి 280. 340కి పట్టేది 13 గంటల 36 నిమిషాలు. కొత్త క్రేన్ కొనలేదు, ఎవరినీ తొందరపెట్టలేదు, మూడు గంటల పైన కలిసొచ్చింది. ప్రతిసారీ ఒప్పుకోరు. నౌక నిలకడ, తర్వాతి రేవుల వరస, ప్లగ్గులు, ప్రమాదకర సరుకు మధ్య ఉండాల్సిన దూరం, వీటిలో ఏదో ఒకటి అడ్డొస్తుంది. కానీ అడగాలంటే పెట్టెల జాబితా చేతిలో ఉండాలి.

ఎగుమతిదార్లకు నాదొక మాట. పెట్టె ఫలానా గంటలోగా గేటు దాటాలని రేవు పెట్టే గడువు గుమాస్తాల చాదస్తం కాదు. ఆ గంటకే యార్డ్ పేర్పూ నౌక పేర్పూ ఖాయం చేస్తారు. గడువు దాటాక బతిమాలో, పలుకుబడి చూపించో లోపలికి పంపిన పెట్టె వేరే దొంతర మీద కూర్చుంటుంది. దాన్ని జరిపే నిమిషాలు లాంగ్ క్రేన్ ఖాతాలో పడితే నౌకంతా ఆగుతుంది. తూకం కాగితంతో సహా పెట్టెను ఒక రోజు ముందే పంపండి.