సశేషానికి ముందు వాక్యం



వారపత్రికలో ధారావాహిక నవల వచ్చే రోజుల్లో, పత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలన్న తగవు చాలా ఇళ్ళలో ఉండేది. చదివినవాళ్ళు కథ చెప్పేస్తారేమోనని మిగతావాళ్ళకు భయం. ఆ పేజీ చివర బ్రాకెట్లలో ‘సశేషం’ అనో ‘ఇంకా ఉంది’ అనో ఉండేది. ఆ మాటకు సరిగ్గా పైన ఉండే వాక్యం గురించే ఈ ప్రసంగం.

ఆ వాక్యం తేలికగా రాసే పద్ధతి ఒకటుంది. నాయిక ఒంటరిగా ఉంది. అర్ధరాత్రి తలుపు చప్పుడైంది. తీసి చూసి కెవ్వుమంది. సశేషం. వారం రోజులు ఆగి పత్రిక తెరిస్తే, గుమ్మంలో ఉన్నది పక్కింటి పిల్లి. పాఠకుడికి ఒళ్ళు మండుతుంది. పిల్లి వచ్చినందుకు కాదు ఆ కోపం. అధ్యాయమంతా చదివినా ఆ భయానికి కారణం ఎక్కడా కనిపించలేదు, చివరి వాక్యంలో అమాంతం ఊడిపడింది. పైగా మరుసటి వారం అది పోయినప్పుడు కథలో ఏ మార్పూ రాలేదు. ఇలా రెండుసార్లు జరిగితే, మూడోసారి తలుపు దగ్గరికి నిజంగా హంతకుడే వచ్చినా పాఠకుడు నమ్మడు. రచయిత పోగొట్టుకునేది ఆ నమ్మకాన్నే.

మరి న్యాయంగా ఆపడం ఎలా ఉంటుంది? మనందరికీ తెలిసిన వాల్మీకి రామాయణంలోనే చూడవచ్చు. కిష్కింధకాండ ముగిసే చోటు గుర్తు తెచ్చుకోండి. సుగ్రీవుడిచ్చిన నెల గడువు దాటిపోయింది. సీత జాడ తెలియకుండా వెనక్కి వెళితే శిక్ష తప్పదని అంగదుడు ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. అప్పుడు సంపాతి వచ్చి, సీత లంకలో ఉందని, మధ్యలో నూరు యోజనాల సముద్రమని చెప్పాడు. జాడ దొరికిన సంతోషం సముద్రాన్ని చూడగానే చల్లారిపోయింది.

ఇక్కడ వాల్మీకి చేసిన పని చూడండి. వానరవీరుల చేత ఒక్కొక్కరిగా ఎవరెంత దూరం దూకగలరో చెప్పిస్తాడు. గజుడు పది యోజనాలన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. అలా పెరుగుతూ జాంబవంతుడి దగ్గరికి వచ్చేసరికి తొంభై అయింది. అంగదుడు నూరూ దూకగలడు, కానీ తిరిగి రాగలనో లేదో అన్నాడు. యువరాజును అలా పంపకూడదని జాంబవంతుడు ఆపాడు. ఇది ఉత్త లెక్కలాగా కనిపిస్తుంది గానీ, ఆ లెక్కతోనే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. చివరికి ఓ పక్కన మౌనంగా కూర్చున్న హనుమంతుడొక్కడే మిగిలాడు. జాంబవంతుడు ఆయన పుట్టుక, చిన్ననాడు సూర్యుడి మీదికి ఎగరడం గుర్తుచేశాడు. హనుమంతుడు ఒళ్ళు పెంచి మహేంద్రగిరి ఎక్కాడు. ఆయన పాదాల ఒత్తిడికి కొండ నలిగింది. మనసు అప్పుడే లంకకు చేరింది, ఒళ్ళింకా కొండ మీదే ఉంది. కాండ అక్కడ ముగిసింది.

ఇందులో దాచిపెట్టినదేమీ లేదు. దూరం ఎంతో తెలుసు. ఓడిపోతే ఎవరేమవుతారో తెలుసు. వెళ్ళేది ఎవరో, ఎందుకు ఆయనే వెళ్ళాలో తెలుసు. తెలియనిది ఒక్కటే, దాటగలడా లేదా అన్నది. పాఠకుడికి విషయం తెలియకపోవడం వల్ల పుట్టే ఉత్కంఠ తొందరగా ఆరిపోతుంది. అన్నీ తెలిసి ఒక్కటి తెలియనప్పుడు పుట్టేది నిలబడుతుంది. కథ ఆగినది కూడా నిర్ణయమైపోయిన తరువాత, ఫలితం రాకముందు. సుందరకాండ మొదలవగానే అదే కొండ, అదే దూకుడు. జవాబు తప్పించుకు తిరగలేదు.

పాశ్చాత్యులు ఇలాంటి ముగింపును ‘క్లిఫ్‌హ్యాంగర్’ అంటారు, అంటే కొండ అంచుకు వేలాడేది అని. థామస్ హార్డీ 1872, 73 సంవత్సరాలలో ఒక పత్రికలో ధారావాహికగా రాసిన ‘ఎ పెయిర్ ఆఫ్ బ్లూ ఐస్’ నవలలో ఒక పాత్రను నిజంగానే సముద్రపు కొండ అంచుకు వేలాడదీశాడు. అతన్ని కాపాడినది దారినపోయే గొర్రెలకాపరి కాదు. పైనున్న అమ్మాయి తాను తొడుక్కున్న లోపలి బట్టలు చించి తాడు పేనింది. రక్షించే సాధనం మొదటినుంచీ ఆ కొండ మీదే ఉంది, మనకు తట్టలేదంతే. బయటినుంచి కొత్త మనిషి వచ్చి చేయి అందిస్తే మాత్రం, ఆపిన చోటు ఎంత బాగున్నా వెనక్కి తిరిగి చూస్తే చవకబారుగా తేలుతుంది.

ఇప్పుడు మన లింగసుగూరు తాలూకాలోనే ఒక అధ్యాయం కట్టి చూద్దాం. నారాయణపుర జలాశయం గేట్లు ఎత్తితే కృష్ణ పొంగి శీలహళ్ళి వంతెన మునగడం, అవతలి నడుగడ్డ ఊళ్ళకు రాకపోకలు తెగిపోవడం ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. మన కథలో ఈరమ్మ ఆ నడుగడ్డ మనిషి. పిల్లకు మూడు రోజులుగా జ్వరం. లింగసుగూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చవకగా ఆపాలంటే, ఈరమ్మ వంతెన దగ్గరికి రాగానే వెనకనుంచి ఎవరో భుజం మీద చేయి వేశారని రాసి సశేషం పెట్టవచ్చు. వచ్చే వారం అది ఆమె తమ్ముడని తేలుతుంది. ఆ చేతికీ, పిల్ల జ్వరానికీ, ఏటికీ సంబంధం లేదు.

దీన్నే బాగుచేద్దాం. అధ్యాయం మొదట్లోనే పొద్దున గేట్లు ఎత్తుతున్నారని ఊళ్ళో దండోరా వేయించండి. మధ్యలో ఈరమ్మ మామ, ఒకప్పుడు ఇలాగే దాటబోయి ఎద్దును పోగొట్టుకున్న సంగతి ఏదో మాటల్లో అననివ్వండి. పుట్టివాడు ఈ నీళ్ళలో పుట్టి వేయనన్నాడు. ఊళ్ళో ఉన్న మాత్రలు అయిపోయాయి. మధ్యాహ్నానికి పిల్ల పిలిస్తే పలకడం లేదు. ఈరమ్మ వంతెన దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు పైకి పారడం మొదలైంది, ఇంకా చీలమండలోతే. ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పిల్లను భుజాన వేసుకుని, మొదటి అడుగు నీళ్ళలో పెట్టింది. ఇక్కడ ఆపండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూడడానికి ఆ చివరి వాక్యాన్ని చేత్తో మూసి మిగతాది చదవాలి. గుబులు అప్పటికే ఉంటే ముగింపు నిలుస్తుంది. ఆ వాక్యంతోపాటే గుబులు కూడా మాయమైతే, బరువంతా దాని మీదే వేశారన్నమాట. ఇంకో పరీక్ష తరువాతి అధ్యాయంలో ఉంది. ఈరమ్మ దాటిందనే అనుకుందాం. ఏమీ పోకుండా దాటితే ఆ అడుగు ఉత్తదే. ఆసుపత్రికి చేరింది గానీ, వెనక వంతెన మునిగి, ఇంట్లో ముసలి మామ ఒంటరిగా చిక్కుకుపోయాడనుకోండి. ఆ అడుగుకు ఖరీదు పడింది, కథ ముందుకు కదిలింది.

ఒక తప్పు మాత్రం మంచి రచయితలూ చేస్తారు. ఈరమ్మకు తెలిసిన సంగతిని మననుంచి దాచడం. ఆమె మనసులోనే మనల్ని కూర్చోబెట్టి, ఆమె కొంగున ముడివేసుకున్న ఉత్తరం సంగతి మాత్రం చెప్పకుండా ఉంచి, ఆఖరి వాక్యంలో విప్పితే అది మోసమే. దాచాలనుకుంటే మామ కళ్ళతో కథ చెప్పండి. ఆయనకు తెలియదు గనుక మనకూ తెలియకపోవడం న్యాయం.

ఇక ప్రతి అధ్యాయాన్నీ ఇలాగే వేలాడదీయవలసిన పని లేదు. హరిదాసు గారు హారతి పళ్ళెం తిప్పించే ముందు కథను మంచి పట్టులో ఆపుతారు, నిజమే. కానీ రాత్రంతా పళ్ళెమే తిరుగుతుంటే జనం లేచిపోతారు. ఇరవై అధ్యాయాల నవలలో నాలుగైదు చోట్ల గట్టిగా ఆపి, మిగతా చోట్ల ఈరమ్మ ఆసుపత్రి వరండాలో తడి చీర పిండుకుంటూ కూర్చుంటే చాలు. పిల్ల కళ్ళు తెరిచిందా అని చూడడానికి పాఠకుడు పేజీ తిప్పుతాడు.