అద్దె పత్రంలో మూడు మాటలు.. అడ్వాన్సు తిరిగి వచ్చేది వాటి మీదే

ఇల్లు గాని, దుకాణం గాని అద్దెకు తీసుకునేటప్పుడు అధిక శాతం మంది అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత అన్నది మాత్రమే చూసుకుని సంతకం చేస్తారు. మిగిలిన పేజీలు ఎక్కడో తయారైన ఆంగ్ల నమూనాకు నకలుగా ఉంటాయి. వాటిలో లెస్సార్, లీన్, ఇండెమ్నిటీ అనే మూడు మాటలు తప్పక కనిపిస్తాయి. ఖాళీ చేసే రోజున అడ్వాన్సు ఎంత చేతికి వస్తుందో నిర్ణయించేవి చాలావరకు ఇవే.

లెస్సార్ అంటే..

ఆస్తిని అనుభవించే హక్కును అద్దెకు ఇచ్చే వ్యక్తి లెస్సార్. పుచ్చుకునే వ్యక్తి లెస్సీ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ ఈ రెండు మాటలను నిర్వచించింది. రెండింటికీ చివరి అక్షరంలోనే తేడా ఉన్నందున చదివేటప్పుడు బాధ్యతలు తారుమారుగా అర్థమయ్యే ప్రమాదముంది. పత్రంపై ఒకచోట ‘ఇచ్చేవారు’, మరోచోట ‘పుచ్చుకునేవారు’ అని పెన్సిలుతో రాసుకుని చదివితే చిక్కు విడిపోతుంది.

లెస్సార్‌గా సంతకం చేసే వ్యక్తికి ఆస్తిపై హక్కు ఉందో లేదో ఇంటి పన్ను రసీదులో పేరు చూసి ప్రాథమికంగా తెలుసుకోవచ్చు. యజమాని తరఫున కుమారుడో, బంధువో సంతకం చేస్తుంటే అందుకు అధికారమిచ్చే పత్రం అడగాలి. అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసింది ఎవరన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

లీన్ అంటే..

బాకీ తీరే వరకు ఎదుటివారి సొత్తును తన వద్ద అట్టిపెట్టుకునే హక్కు లీన్. చేసిన పనికి కూలి ఇచ్చే వరకు కంసాలి నగను తన వద్దే ఉంచుకోవడం ఈ కోవలోనిదే. అయితే నగ అట్టిపెట్టుకోగలడే గాని తన సొంతం చేసుకోలేడు. అద్దె పత్రంలో ఈ హక్కు సాధారణంగా అడ్వాన్సుపై ఉంటుంది. బాకీకి మించిన సొమ్మును ఆపడానికి ఇది ఆధారం కాదు.

కొన్ని పత్రాల్లో ‘దుకాణంలోని సరుకుపై కూడా లీన్ ఉండును’ అని రాస్తారు. ఆ సరుకు అద్దెదారు స్వాధీనంలోనే ఉంటుంది. దానిని చూపి యజమాని స్వయంగా తాళం వేయడానికి, సరుకు తరలించడానికి వీలులేదు. బాకీ వసూలుకు న్యాయస్థానాన్నే ఆశ్రయించాలి. సంతకానికి ముందే ఈ వాక్యాన్ని కొట్టివేయమని కోరడం మేలు.

ఇండెమ్నిటీ అంటే..

ఒకరికి కలిగే నష్టాన్ని తాను భరిస్తానని మరొకరు ఇచ్చే మాట ఇండెమ్నిటీ. తెలుగులో నష్టపూర్తి హామీ అనవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 124వ సెక్షన్ దీనిని వివరిస్తుంది. అద్దెదారు వల్ల పొరుగువారికి నష్టం జరిగి, ఆ సొమ్ము యజమాని చెల్లించవలసి వస్తే అద్దెదారు దానిని తిరిగి ఇవ్వాలి.

చిక్కంతా ‘ఏ కారణం చేతనైనా’ అన్న మాటతో వస్తుంది. గోడలోని పాత గొట్టం పగిలినా భారం అద్దెదారుపై వేసేందుకు అది దారి ఇస్తుంది. దాని స్థానంలో ‘అద్దెదారు నిర్లక్ష్యం వలన’ అని రాయించుకోవాలి.

లెక్క ఇలా..

ఉదాహరణకు ఒక దర్జీ నెలకు రూ.8,000 అద్దెకు దుకాణం తీసుకుని రూ.50,000 అడ్వాన్సు ఇచ్చాడనుకుందాం. ఖాళీ చేసే నాటికి రెండు నెలల అద్దె రూ.16,000, కరెంటు బిల్లు రూ.1,400 బాకీ ఉంది. అతను కొళాయి కట్టకుండా వెళ్లినందున కింది దుకాణంలో సరుకు తడిసింది. యజమాని వారికి రూ.6,000 చెల్లించాడు. మొదటి రెండూ లీన్ కిందకు, మూడోది ఇండెమ్నిటీ కిందకు వస్తాయి. మొత్తం రూ.23,400 మినహాయించి, మిగిలిన రూ.26,600 దర్జీకి తిరిగి ఇవ్వాలి.

గోడల రంగు వెలిసిందంటూ యజమాని మరో రూ.10,000 కోరితే? ఆస్తిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలని చెప్పే అదే ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్, సహజమైన అరుగుదలకు మినహాయింపు ఇచ్చింది. పత్రంలో వేరే షరతు ఉంటే మాత్రం అదే చెల్లుతుంది. అందుకే ‘రంగులు, సున్నం ఖర్చు’ అన్న వాక్యం ఉందేమో ముందే వెతకాలి.

తాళాలు తీసుకున్న రోజునే గోడలు, కొళాయిలు, మీటరు రీడింగు ఫొటోలు తీసి, ఇరువురూ సంతకం చేసిన జాబితాను పత్రానికి జతచేసుకుంటే నష్టం ఎవరి వల్ల జరిగిందన్న వివాదానికి తావుండదు.